ఆఫీసుకి యోగా క్లాసుల ప్రతిపాదన: ఒక్క లెటర్ కోసం మూడు వారాల డైరీ

మొదటి రోజు, సోమవారం

తిరుపతి బైరాగిపట్టెడలో మా స్టూడియో పెట్టి ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళూ జనం మా దగ్గరికి రావడమే కానీ మేం బయటికెళ్ళి చెప్పింది తక్కువ. పొద్దున ఆరింటి బ్యాచ్‌కి వచ్చే ఒకావిడ ఇవాళ మ్యాట్ చుట్టుకుంటూ చెప్పింది, రేణిగుంట రోడ్డులో వాళ్ళ ఆఫీసులో స్టాఫ్ కోసం ఏదైనా పెట్టాలని హెచ్ఆర్ మేడమ్ చూస్తోందట. "లెటర్ ఒకటి రాసివ్వండి మేడమ్, ఆవిడ చేతికే ఇస్తా" అంది. అది ఇన్సూరెన్స్ కాగితాలు స్క్రీన్ మీద చూసి ఎంట్రీ చేసే ఆఫీసు. నూట అరవై మంది ఉంటారు, రోజంతా కూర్చునే పని.

మధ్యాహ్నం కూర్చుని మూడు పేజీలు రాసేశాను. లెటర్ వెళ్ళేది ఇంగ్లీషులోనే అయినా నాకు ఆలోచన తెలుగులోనే నడుస్తుంది కాబట్టి ముందు తెలుగులో రాసుకున్నా. పతంజలి సూత్రంతో మొదలుపెట్టి, యోగా వల్ల వచ్చే లాభాలు పద్నాలుగు రాసి, మా స్టూడియో చరిత్ర రాసి, చివర్లో మనిషికి నెలకి ఐదు వందలు అని పెట్టాను. రాసినంతసేపూ బాగానే అనిపించింది.

మూడో రోజు, బుధవారం

మా దగ్గర సాయంత్రం క్లాసులు చెప్పే అమ్మాయికి చదవమని ఇచ్చాను. అంతా చదివి, "అక్కా, అన్నీ ఉన్నాయి గానీ ఇందులో వాళ్ళ ఆఫీసు ఎక్కడుంది?" అని అడిగింది.

మళ్ళీ మొదటినుంచి చదివితే ఆ పిల్ల చెప్పింది నిజమే. కంపెనీ పేరు తీసేసి ఇంకో కంపెనీ పేరు పెట్టినా ఒక్క ముక్క మార్చాల్సిన పని లేదు. వాళ్ళకి ఎన్ని గంటలకి వీలవుతుంది, ఎక్కడ చేస్తారు, ఏ బట్టల్లో ఉంటారు, ఒకేసారి ఎంతమంది సీట్లోంచి లేవగలరు, ఇవేవీ నాకు తెలియవు. తెలియకుండా ఇంకెన్ని పేజీలు రాసినా లాభం లేదనిపించి, హెచ్ఆర్ మేడమ్‌కి ఫోన్ చేసి, లెటర్ ఇచ్చేముందు ఒక గంట ఆఫీసు చూసిపోతానని అడిగాను. ఆవిడ సంతోషంగానే రమ్మంది.

ఐదో రోజు, శుక్రవారం

టేపు తీసుకెళ్ళాను. సెక్యూరిటీ అన్న బ్యాగులో టేపు చూసి ఎందుకని అడిగాడు, గది కొలవడానికి అంటే మేడమ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపించాడు.

వాళ్ళిచ్చేది ట్రైనింగ్ రూమ్. ఇరవై నాలుగడుగులు, ఇరవై అడుగులు. మొత్తం 480 చదరపు అడుగులు అంటే వినడానికి పెద్దదే. కానీ మ్యాట్ ఆరడుగులు రెండడుగులే అయినా, పడుకుని చేతులు చాపితే మనిషికి ఏడడుగులు నాలుగడుగులు కావాలి, అంటే 28 చదరపు అడుగులు. మధ్యలో స్తంభం ఉంది, తలుపు దగ్గర దారి వదలాలి, నేను నిలబడేందుకు చోటు కావాలి, గోడకి చేర్చిన బల్లలు కొంత తింటాయి. నేల మీద గుర్తులు పెట్టుకుంటూ లెక్కేస్తే పన్నెండు మ్యాట్లు పడతాయి, అంతే. అదే కుర్చీ మీద కూర్చుని చేసే అభ్యాసమైతే మనిషికి ఐదడుగులు నాలుగడుగులు చాలు, ఇరవై మంది పడతారు.

తర్వాత టైము సంగతి. నేను స్టూడియోలో లాగానే ఆఫీసయ్యాక ఆరున్నరకి గంట క్లాసు అనుకున్నా. అడ్మిన్ సార్‌ని అడిగితే, "ఆరూ పదిహేనుకి షిఫ్ట్ అయిపోతుంది మేడమ్, ఆరూ ఇరవై ఐదుకి బస్సు కదుల్తుంది, సగం మంది చంద్రగిరి, పాకాల వైపు వాళ్ళే" అన్నాడు. బస్సు తప్పితే ఇంటికి ఎప్పుడు చేరతారో తెలియని మనుషులు యోగా కోసం ఆగరు, ఆగమని అడగడం న్యాయం కూడా కాదు. పొద్దున కూడా అంతే, బస్సు దిగీ దిగగానే లాగిన్. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒకటీ నలభై ఐదు దాకా భోజనం, తిన్న వెంటనే ఒంగి లేచే ఆసనాలు వేయించకూడదు. ఇక మిగిలింది నాలుగింటి టీ బ్రేక్. అది పదిహేను నిమిషాలు.

బట్టలు కూడా చూశాను. ఆడవాళ్ళు చాలామంది చుడీదార్లలో, కొందరు చీరల్లో ఉన్నారు. మగవాళ్ళవి బిగుతు ప్యాంట్లు. బట్టలు మార్చుకునే గది లేదు, ఉన్నా అందుకు టైము లేదు.

రోడ్డు మీదికి వచ్చి బండి స్టార్ట్ చేసేసరికి మొదటి లెటర్ మొత్తం పోయింది. అందులో నేనిస్తానన్నది వారానికి ఐదు రోజులు, గంటసేపు, మ్యాట్ల మీద సూర్యనమస్కారాలతో పూర్తి క్లాసు. వీళ్ళకి కుదిరేది వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు, కుర్చీ మీదా కుర్చీ పక్కన నిలబడీ చేసేది. ఇది చిన్నది కదా అని మనసు కొంచెం చివుక్కుమంది. కానీ తొమ్మిది గంటలు మెడ ముందుకి చాచి కూర్చునే మనిషికి మధ్యలో ఇరవై నిమిషాలు దొరకడం, ఎప్పటికీ మొదలుకాని గంట క్లాసు కంటే నిజంగా పనికొచ్చేది.

ఎనిమిదో రోజు, సోమవారం

ఇవాళంతా డబ్బుల లెక్క.

పోయినేడాది ఇంకో ఆఫీసుకి మనిషికింత అని రేటు మాట్లాడుకున్నాం. మొదటి వారం ముప్పై రెండు మంది వచ్చారు, మూడో వారానికి పదకొండు మంది. మేం వెళ్ళే దూరం అదే, పట్టే టైము అదే, వచ్చే డబ్బు మూడోవంతుకి పడిపోయింది. అది కూడా చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఎందుకంటే బిల్లు ఎన్ని రోజుల్లో కట్టాలో మేం ఎక్కడా రాసుకోలేదు. ఆ రెండు తప్పులూ ఈ లెటర్‌లో ఉండకూడదని గట్టిగా అనుకున్నా.

అందుకే ఈసారి రేటు మనిషికి కాదు, విజిట్‌కి. లెక్క ఇలా వేశాను. స్టూడియో నుంచి మూడింబావుకి బయల్దేరితే తిరిగొచ్చేసరికి ఐదూ పది, ఐదూ పదిహేను అవుతుంది. ఐదున్నరకి మా సాయంత్రం బ్యాచ్ ఉంటుంది కాబట్టి అంతకంటే ఆలస్యం కుదరదు. ఈ రెండు గంటల్లో ఇరవై మంది చొప్పున రెండు బ్యాచ్‌లు. వెళ్ళి చెప్పే టీచర్‌కి 800, పెట్రోలుకీ బండి అరుగుదలకీ 100, మా బదులు ఇంకొకరు వెళ్ళాల్సి వస్తే అయ్యే ఖర్చుకీ కాగితాలకీ పక్కన పెట్టేది 150, స్టూడియోకి మిగిలేది 750. మొత్తం విజిట్‌కి 1,800. నాలుగు వారాల్లో పన్నెండు విజిట్లు అంటే 21,600. నలభై మందీ వస్తే ఒక్కో మనిషికి ఒక్కో సెషన్ నలభై ఐదు రూపాయలు పడుతుంది. ఇరవై నాలుగు మందే వస్తే డెబ్భై ఐదు. ఈ రెండు అంకెలూ లెటర్‌లో పెడతాను, ఎందుకంటే మనిషికెంత పడుతుందనేది వాళ్ళు ఎలాగూ లెక్కేసుకుంటారు, అదేదో మన చేత్తోనే చూపిస్తే నమ్మకం.

ట్యాక్స్ సంగతి మా అకౌంటెంట్‌తో మాట్లాడాను. సేవల మీద ఏడాదికి ఇరవై లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మేం ఆ లోపే ఉన్నాం. కాబట్టి బిల్లులో జీఎస్టీ వేయం, వేయకూడదు కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లు, యోగా లాంటి వాటి మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది గానీ రిజిస్టర్ కాని మాకు దాంతో పని లేదు. కంపెనీల వెండర్ ఫారంలో జీఎస్టీ నంబరు గడి ఖాళీగా ఉంటే అకౌంట్స్‌లో ఫైలు ఆగిపోతుంది. అందుకని రిజిస్టర్ కాలేదని ఒక డిక్లరేషన్ ముందే జతచేయమన్నాడు. పాన్ కాపీ, క్యాన్సిల్డ్ చెక్కు కూడా.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు కొత్త. చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ మాకు ఉంది, ఆన్‌లైన్లో ఉచితంగానే చేసుకున్నాం, సర్టిఫికెట్ ఫైల్లో పడుంది. చిన్న సంస్థల చట్టం ప్రకారం మాలాంటివాళ్ళ బిల్లు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా కట్టాలి, ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. అలా కట్టకుండా ఆలస్యం చేస్తే, ఆ ఖర్చుని కంపెనీ ఆదాయపు పన్ను లెక్కలో అసలు డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఇది తెలిసిన అకౌంట్స్ మేనేజర్ మన బిల్లుని అడుగున పడేయడు. లెటర్‌లో బెదిరింపులా రాయక్కర్లేదు, "ఇన్వాయిస్ ఇచ్చిన ముప్పై రోజుల్లో చెల్లింపు, ఉద్యం సర్టిఫికెట్ జతచేశాం" అంటే చాలు, అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది.

పదో రోజు, బుధవారం

లాభాల లిస్టు తీసేశాను. పద్నాలుగింటిలో బీపీ తగ్గుతుంది, షుగర్ కంట్రోల్‌లోకి వస్తుంది, సెలవులు తగ్గుతాయి అని కూడా రాసి ఉన్నా. వారానికి గంట చొప్పున నాలుగు వారాలు కుర్చీలో చేయించి షుగర్ గురించి మాటివ్వడం తప్పు. సెలవులు తగ్గాయో లేదో చెప్పాలంటే నాలుగు వారాలు ఏ మూలకీ చాలవు, ఆ నెలలో నాలుగు పెళ్ళిళ్ళు ఉంటే లెక్కంతా తారుమారు.

దాని బదులు ఒకే ఒక్క కొలత పెట్టాను. మొదటి సెషన్‌కి ముందూ, చివరి వారంలోనూ, పేరు లేని చీటీ మీద ఒకే ప్రశ్న: షిఫ్ట్ అయ్యే టైముకి మెడ, భుజాలు, నడుము బిగుసుకుపోవడం సున్నా నుంచి పదిలో ఎంత? దీనికీ ఒక లోపం ఉంది. నచ్చనివాళ్ళు మధ్యలో మానేస్తారు, చివర్లో చీటీ రాసేది బాగుందనుకునేవాళ్ళే, దాంతో అంకె ఉన్నదానికంటే అందంగా కనబడుతుంది. అందుకని మొదట ఎంతమంది రాశారు, చివర్లో ఎంతమంది రాశారు, రెండూ పక్కపక్కనే ఇస్తామని రాశాను.

ఇంకా ముఖ్యమైనది ఆరోగ్యం ఫారం. అర పేజీ. బీపీ, స్లిప్ డిస్క్, గ్లాకోమా, ఈమధ్య ఆపరేషన్, గర్భం, కళ్ళు తిరగడం, ఇవి ఉన్నాయా లేదా అని. గ్లాకోమా ఉన్నవాళ్ళని తల కిందికి వేలాడేసేలా ఒంగనివ్వకూడదు, డిస్క్ సమస్య ఉంటే ముందుకి ఒంగడం దగ్గర మార్చి చెప్పాలి, గర్భిణులకి నడుము బలంగా తిప్పే భంగిమలు వద్దు. కపాలభాతి మొత్తానికే పెట్టలేదు, తెలియని గుంపులో బీపీ ఎవరికుందో మనకి కనబడదు. ఈ ఫారం హెచ్ఆర్‌కి ఇస్తామా అని మా టీచర్ అమ్మాయి అడిగింది. ఇస్తే ఎవ్వరూ నిజం రాయరు. కొత్తగా గర్భం వచ్చిన అమ్మాయి ఇంట్లోవాళ్ళకే ఇంకా చెప్పి ఉండదు, ఆఫీసుకి తెలిసేలా కాగితం మీద రాస్తుందా? రాయకుండా వచ్చి కూర్చుంటుంది, మేం తెలియక చేయించేస్తాం. కాబట్టి ఫారం టీచర్ దగ్గరే ఉంటుంది, నాలుగు వారాలయ్యాక చింపేస్తాం, కంపెనీకి వెళ్ళేది రోజుకి ఎంతమంది వచ్చారనే అంకె ఒక్కటే, పేర్లు కాదు. ఈ మాట లెటర్‌లో స్పష్టంగా ఉండాలి. హెచ్ఆర్ మేడమ్‌కి ఫోన్లో చెబితే ఒక్క క్షణం ఆగి, "అవును, అలాగే ఉండనివ్వండి" అంది.

పన్నెండో రోజు, శుక్రవారం

లెటర్ పంపేముందు ఒక్కసారి డెమో చేద్దామని అడిగితే ఒప్పుకున్నారు. నాలుగింటికి తొమ్మిది మంది వచ్చారు. ఈ డెమో లేకపోయుంటే లెటర్‌లో రెండు పెద్ద తప్పులు అలాగే వెళ్ళిపోయేవి.

మొదటిది కుర్చీ. ట్రైనింగ్ రూమ్‌లో ఉన్నవన్నీ కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలు. మెడ, భుజాలు కదిలించేవరకూ బాగానే నడిచింది. నడుము తిప్పే భంగిమలో కుర్చీ వీపుని పట్టుకుని తిరగమన్నానో లేదో, మూడో వరసలో ఒకావిడ కుర్చీ జర్రున వెనక్కి జారి, మోకాలు బల్ల అంచుకి తగిలింది. దెబ్బేమీ తగల్లేదు, ఆవిడే పర్లేదంది. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. వెంటనే ఆపేసి మిగతాదంతా నిలబెట్టే చేయించాను. అయ్యాక క్యాంటీన్‌కి వెళ్ళి చూశాను. అక్కడ రెండు రకాలున్నాయి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు, నడుము తిప్పేటప్పుడు ఆ చేతులు అడ్డం, బరువు ఒక పక్కకి పడితే నున్నటి టైల్స్ మీద కాళ్ళు విచ్చుకుంటాయి. రెండోది చేతుల్లేని ఇనప కాళ్ళ కుర్చీలు, కాళ్ళకింద రబ్బరు తొడుగులున్నవి. అవి కావాలి.

రెండోది శబ్దం. చివర్లో భ్రామరి ఐదుసార్లు చేయించాలని నా ప్లాను. రెండోసారి తొమ్మిది మందీ కలిసి తుమ్మెదలా ఝంకారం చేస్తుంటే అద్దం గోడ అవతల కస్టమర్లతో ఫోన్ మాట్లాడేవాళ్ళు తలలు తిప్పి చూశారు, ఒకతను చెవి మూసుకుని మాట్లాడుతున్నాడు. ఆ గోడ పైదాకా లేదు. భ్రామరి తీసేసి, ముక్కుతో పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదిలే శ్వాస పెట్టాను. నాలుగు లెక్కపెట్టి పీల్చడం, ఎనిమిది లెక్కపెట్టి వదలడం. ఎనిమిది కష్టమైతే ఆరు. శబ్దం ఉండదు.

డెమోకి వచ్చినవాళ్ళలో ఒకాయన వెళ్తూ, పెళ్ళికి ముందు నెలకోసారి అలిపిరి మెట్లెక్కేవాడినని, ఇప్పుడు గాలిగోపురం దాకా వెళ్ళేసరికే కూలబడిపోతున్నానని, దీంతో మళ్ళీ ఎక్కగలనా అని అడిగాడు. దీంతో కాదు సార్, దానికి రోజూ నడవాలి, ఇది మెడకీ నడుముకీ అని చెప్పాను. ఆయన మొహంలో కొంచెం నిరాశ కనబడింది, అయినా పేరు రాయించుకునే వెళ్ళాడు.

పదమూడో రోజు, శనివారం

లెటర్ పూర్తయింది. ఒక్క పేజీ. జత కాగితాలు వేరే. లెటర్ హెచ్ఆర్ మేడమ్ పేరు మీదే ఉన్నా, డబ్బు మంజూరు చేసేది చెన్నైలోని హెడ్ ఆఫీసు. అంటే నన్నెప్పుడూ చూడని, ఈ గది చూడని ఒక మనిషి, ఫార్వర్డ్ అయిన మెయిల్‌లో దీన్ని చదివి అవునో కాదో అంటాడు. ప్రతి వాక్యం రాసేటప్పుడు ఆయన్నే తలుచుకున్నా. అసలు భాగం ఇదీ:

"గౌరవనీయులైన మేడమ్ గారికి,

మీ తిరుపతి ఆఫీసులో నాలుగు వారాల పాటు, సోమ, బుధ, శుక్రవారాల్లో, కుర్చీ ఆధారంగా ఇరవై నిమిషాల యోగా సెషన్లు రెండు బ్యాచ్‌లకి నిర్వహిస్తామని ప్రతిపాదిస్తున్నాం. మొదటి బ్యాచ్ 3:50 నుంచి 4:10, రెండోది 4:15 నుంచి 4:35. బ్యాచ్‌కి ఇరవై మంది. ట్రైనింగ్ రూమ్ కొలిచి చూశాకే ఈ సంఖ్య పెట్టాం. బట్టలు మార్చుకోనక్కర్లేదు, మ్యాట్లు అక్కర్లేదు, 6:25 బస్సుకి ఇబ్బంది ఉండదు.

మా ఫీజు విజిట్‌కి 1,800 రూపాయలు, పన్నెండు విజిట్లకి 21,600. నలభై మందీ వస్తే మనిషికి సెషన్‌కి 45 రూపాయలు, ఇరవై నాలుగు మందే వస్తే 75. మేం జీఎస్టీ పరిధిలో లేము. ఫీజు కాకుండా మీకయ్యే ఖర్చు ఇంకొకటుంది. టీ తాగే ఐదు నిమిషాలు కలుపుకుంటే, పాల్గొనే ప్రతి ఒక్కరూ టీ బ్రేక్ కంటే అదనంగా పది నిమిషాలు సీటుకి దూరంగా ఉంటారు. నలభై మందికి, పన్నెండు రోజులకి అది 80 పనిగంటలు. ఏ టీమ్‌లోనూ సగం కంటే ఎక్కువమంది ఒకే బ్యాచ్‌లో లేకుండా టీమ్ లీడర్లే జాబితా వేస్తే పని ఆగదు.

ఇది ఏ జబ్బుకీ చికిత్స కాదు. నాలుగు వారాల చివర హాజరు సంఖ్యలు, పేర్లు లేని చీటీల మీది మెడ, నడుము అసౌకర్యపు అంకెలు, మొదట ఎంతమంది రాశారో చివర్లో ఎంతమంది రాశారో కూడా మీకిస్తాం. వ్యక్తిగత ఆరోగ్య వివరాలు టీచర్ దగ్గరే ఉంటాయి, కంపెనీకి ఇవ్వం. మీవైపు నుంచి మాకు కావలసింది చేతుల్లేని, చక్రాల్లేని కుర్చీలు ఇరవై, మరో రెండు అదనంగా."

మిగతావి రెండు మూడు వాక్యాలు. మేం రాలేకపోతే ఆరోజు ఫీజు ఉండదు, వాళ్ళు ముందురోజు సాయంత్రంలోపు చెప్పకుండా రద్దు చేస్తే సగం, బిల్లు ముప్పై రోజుల్లో. టీచర్ అర్హత ఒక్క లైన్లో: ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద ఉండే యోగా సర్టిఫికేషన్ బోర్డు రెండో లెవెల్, అంటే యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్. స్టూడియో చరిత్ర పూర్తిగా పోయింది, పతంజలి కూడా.

ఆ 80 గంటల లైను దగ్గర మా టీచర్ అమ్మాయి ఆగింది. "మనమే చెప్పి భయపెట్టడం ఎందుకక్కా?" అంది. టీమ్ లీడర్లు మొదటిరోజే అది పట్టుకుంటారు. అప్పటిదాకా దాచామని తెలిస్తే రెండోవారం నుంచి ఒక్కొక్కరినీ సీట్లోంచి లేవనివ్వడం ఆపేస్తారు. పోయినేడాది ముప్పై రెండు మంది పదకొండు కావడానికి సగం కారణం అదే అని నాకిప్పుడనిపిస్తోంది. పై నుంచి ఒప్పుకుని ఇచ్చిన పది నిమిషాలయితే ఎవరూ దొంగచాటుగా లేచి రానక్కర్లేదు.

పదహారో రోజు, మంగళవారం

హెడ్ ఆఫీసు నుంచి మూడు ప్రశ్నలొచ్చాయి, మేడమ్ నాకు పంపింది.

ఒకటి, ఆయుష్ వాళ్ళు ఆఫీసుల కోసం తయారుచేసిన వై-బ్రేక్ అనే యోగా ఉచితంగా ఉంది కదా, ఐదు నిమిషాలే, అది చాలదా? మంచి ప్రశ్న. అది బాగుంటుందనే రాశాను. సీటు దగ్గరే చేసుకునేలా తయారుచేసింది, మేం రాని మంగళ, గురువారాల్లో అదే చేసుకొమ్మని చెబుతాం, మొదటి వారంలో మేమే నేర్పిస్తాం, దానికి వేరే డబ్బు లేదు. మనిషి ఎదురుగా ఉండి చూడాల్సింది ఎక్కడంటే, నడుము తిప్పమంటే పదిమందిలో ఏడుగురు మెడ ఒక్కటే తిప్పుతారు, అరికాళ్ళు నేలమీద నుంచి లేచిపోతాయి, భుజాలు చెవుల దాకా వెళ్ళిపోతాయి. డెమోలో నేను చూసింది అదే. దాన్ని పక్కన నిలబడి సరిచేస్తే నాలుగు వారాల తర్వాత సొంతంగా సరిగ్గా చేసుకుంటారు.

రెండు, ఆన్‌లైన్లో చేస్తే తగ్గుతుందా? మొదటి నాలుగు వారాలు వద్దు, తర్వాత వారంలో ఒకరోజు అలా చేయొచ్చన్నాను.

మూడు, జనం రాకపోతే? దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు, ఒక పూట ఆలోచించాల్సొచ్చింది. రెండు వారాల తర్వాత రెండు బ్యాచ్‌ల్లోనూ సగటు పది కంటే తగ్గితే రెండింటినీ ఒకటి చేస్తాం, విజిట్‌కి 1,200 తీసుకుంటాం అని రాశాను. ఒక్క బ్యాచే అయితే టైము కొంత మిగులుతుంది, టీచర్ డబ్బు తగ్గించకుండానే స్టూడియో వాటా తగ్గించుకుంటే సరిపోతుంది.

ఇరవై మూడో రోజు, మంగళవారం

ఒప్పుకున్నారు. ఒక్క మార్పు అడిగారు. నెలాఖరు మూడు రోజులు వాళ్ళకి క్లోజింగ్, ఆ రోజుల్లో సెషన్ వద్దు, తర్వాతి వారంలో కలుపుకోమన్నారు. పన్నెండు విజిట్లు పూర్తయ్యేదాకా అని మార్చి, "నాలుగు వారాలు" దగ్గర "ఐదు వారాల్లోపు" అని పెట్టి పంపాను. ఈ మెయిల్స్ అన్నీ కలిపి ఒకే ఒప్పంద పత్రంగా సంతకాలు పెట్టించుకోవాలని అకౌంటెంట్ చెప్పాడు, ముప్పై రోజుల గడువు అందులో ఉంటేనే పనికొస్తుందని.

సాయంత్రం కుర్చీలు చూసుకోవడానికి వెళ్ళాను. క్యాంటీన్ అబ్బాయి ఇరవై రెండు తెచ్చి వరసగా పెట్టాడు. ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూస్తే నాలుగింటికి రబ్బరు తొడుగులు లేవు, ఒకదానికి వీపు దగ్గర స్క్రూ వదులు. ఉన్న తొడుగు ఒకటి ఊడదీసి కొలతకి చేతిలో పట్టుకుని, వచ్చేదారిలో హార్డ్‌వేర్ షాపులో అలాంటివే పదహారు కొన్నాను. సోమవారం మూడున్నరకే వెళ్ళాలి, అవి తొడిగి, ప్రతి కుర్చీ మీదా ఒకసారి కూర్చుని రెండు పక్కలకీ తిరిగి చూసుకున్నాకే జనాన్ని లోపలికి పిలవాలి.